యాస పోగొట్టే కోర్సులో చేర్చమంటారా?

“మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. మీటింగుల్లో తన ఇంగ్లిషును, ఫోనులో మాతో మాట్లాడే తెలుగును తోటివాళ్లు అనుకరించి నవ్వుతున్నారట. ఈమధ్య మీటింగుల్లో నోరే విప్పడం లేదంటోంది. 40 వేలు కట్టి ఉచ్చారణ కోర్సులో చేర్చమంటారా, హైదరాబాద్‌కు బదిలీ అడగమంటారా? ఆఫీసులో తెలుగు మాట్లాడవద్దని ఇప్పటికే గట్టిగా చెప్పాను.”
– ఒక తండ్రి

ముందు ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. తెలుగు మానేయమని ఆ నవ్వేవాళ్లు కూడా అనలేదు, మీరు అన్నారు. భోజనం వేళ అమ్మతో నాలుగు మాటలు మాట్లాడుకోవడం తప్పని కన్నతండ్రే చెబితే, అవతలివాళ్ల నవ్వు న్యాయమేనని ఆ పిల్లకు అనిపించదా?

ఇక కోర్సు సంగతి. ఉచ్చారణ శిక్షణ మొత్తంగా పనికిరాదని నేను అనను. కొన్ని వారాల్లో యాసే లేకుండా చేస్తామన్న ప్రకటనల మీదే నాకు నమ్మకం లేదు. పెద్దయ్యాక నేర్చిన భాషలో యాస పూర్తిగా పోవడం చాలా అరుదు. పోవలసిన అవసరమూ అంతగా లేదు. మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు మాండరిన్ మాతృభాషగా ఉన్నవారి ఇంగ్లిషు మీద 1995లో ఒక అధ్యయనం ప్రచురించారు. యాస బలంగా ఉందని శ్రోతలు చెప్పిన వాక్యాలను కూడా చాలాసార్లు ఆ శ్రోతలే తప్పు లేకుండా రాసిపెట్టగలిగారు.

మన సంగతీ అంతే. తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిషు మాట చివర ‘ఉ’ చేరుతుంది. ‘ఎ’తో మొదలయ్యేది ‘యె’ అవుతుంది. నవ్వేవాళ్లు పట్టుకునేది వీటినే, కానీ వీటివల్ల అర్థం చెడడం అరుదు. అర్థం చెడేది ఎక్కువగా ఒత్తు, వేగం వల్ల. ఇంగ్లిషులో మాటలో ఒకచోట ఒత్తి పలకాలి, మనం అన్నీ సమానంగా పలుకుతాం. దానికి తొందర తోడైతే ‘ఫిఫ్టీన్’ ఏదో ‘ఫిఫ్టీ’ ఏదో తెలియదు. అంకె వచ్చినప్పుడు నెమ్మదించి ‘వన్ ఫైవ్’ అని విడిగా చెప్పి, చాట్‌లో కూడా రాస్తే చాలు. దానికి 40 వేలు అక్కర్లేదు.

కొన్నాళ్లు ఒక పని చేయమనండి. మళ్లీ చెప్పమని ఎవరు, ఏ మాట దగ్గర అడిగారో రాసుకోవాలి. క్లయింటు అడుగుతుంటే ఆ మాటలు సాధన చేయాలి. క్లయింటుకు అర్థమై, పక్క సీటువాడు మాత్రమే సాగదీసి పలుకుతుంటే శిక్షణ కావలసింది మీ అమ్మాయికి కాదు.

మాటవరసకు, “సరిచేసిన డిఫెక్టు మళ్లీ వచ్చింది” అని తను ఇంగ్లిషులో చెబుతుండగా ఒకతను “డిఫెక్టూ” అని సాగదీశాడనుకుందాం. తనూ కలిసి నవ్వకూడదు. అతని యాసను తిరిగి వెక్కిరించనూ కూడదు. అలా చేస్తే రేపు ఫిర్యాదు ఇద్దరి మధ్య గొడవగా మారిపోతుంది. ఆగి, “అర్థం కాలేదా? మళ్లీ చెప్పనా?” అని మామూలు గొంతుతో అడగాలి. అర్థమైందనక అతనికి తప్పదు. అప్పుడు ఆపిన చోటి నుంచే కొనసాగించాలి. ఇంకోసారి చేస్తే అదే రోజు విడిగా పిలిచి, “మీరు నా మాటను అందరి ముందు అనుకరిస్తున్నారు. నాకు నచ్చలేదు, ఆపండి” అని చెప్పాలి. సంజాయిషీలు, వాదనలు వద్దు. మూడోసారికి మేనేజరుకు మెయిల్ పెట్టాలి. తేదీ, మీటింగు, అన్న మాట, అక్కడున్నవారు, తను ముందే చెప్పి చూసిన సంగతి ఉంటే చాలు. అక్కడ కదలిక లేకపోతే అదే మెయిల్ హెచ్‌ఆర్‌కు వెళ్లాలి.

ఇక్కడ ఒక పరిమితి చెప్పాలి. ప్రైవేటు ఆఫీసులో యాసను వెక్కిరించడం మీదే ప్రత్యేకంగా చట్టమంటూ మనకు లేదు. 2013 చట్టం కింద ఆఫీసుల్లో ఏర్పడే అంతర్గత కమిటీ లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం. కాబట్టి ఆధారం కంపెనీ ప్రవర్తనా నియమావళే. తోటి ఉద్యోగుల గౌరవం గురించి, భాష, ప్రాంతం గురించి అందులో ఏముందో చదివి, ఆ వాక్యాన్నే మెయిల్లో ఉదహరించాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది నవ్వు కాదు, మీ అమ్మాయి మౌనం. ఏడాది చివర పనితీరు సమీక్షలో “కమ్యూనికేషన్ మెరుగుపడాలి” అని మేనేజరు రాసేది ఆ మౌనాన్ని చూసే. అలా రాస్తే, ఏ మీటింగులో ఏ సమాచారం అందలేదో చెప్పమని మర్యాదగా అడగాలి.

హైదరాబాద్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. శ్రీకాకుళం యాస విని నవ్వే తెలుగువాళ్లు అక్కడ లేరా ఏమిటి? ఫిర్యాదు చేశాక మేనేజరే నవ్వేవాళ్లలో చేరితే అప్పుడు టీము మార్పు అడగవచ్చు.

ఈసారి ఫోను చేసినప్పుడు కోర్సు ఊసెత్తకండి. మొన్నటి మీటింగులో ఏం చెప్పాలనుకుని ఆగిపోయిందో అడగండి. దాన్ని రాసి ఈ వారమే మేనేజరుకు పంపమనండి, వచ్చే మీటింగులో ఆ విషయం తనే నోటితో చెప్పేలా ముందుగా సమయం అడిగి పెట్టుకోమనండి.