పేరాల్లో రాసిన రంగాన్ని నాటక ప్రతిగా అమర్చడం

ప్రశ్న: పేరాల్లో రాసిన రంగాన్ని పాత్రల పేర్లు, రంగ సూచనలతో ఎలా అమర్చాలి?

వినిపించేది పాత్ర పేరు పక్కన సంభాషణగా, కనిపించేది బ్రాకెట్లలో వర్తమాన కాలంలో రంగ సూచనగా రాయాలి. రిహార్సల్లో నటుడు ముందు తన పేరునే వెతుక్కుంటాడు; అందుకే మాట్లాడే పాత్ర మారిన ప్రతిసారీ కొత్త వరుస మొదలవ్వాలి.

శ్రీకాకుళంలోని ఒక ఇంటి రంగం ఇలా ఉందనుకుందాం: “సూరమ్మ చేట పక్కన పెట్టి, పలాస బండి వెళ్ళిపోయిందా అని అడిగింది. అప్పన్న ఊరు వదలాలని లేక కుమిలిపోతూ మాట్లాడలేదు.” ఇది ఇలా మారుతుంది:

సూరమ్మ: (చేట పక్కన పెట్టి) పలాస బండి వెళ్ళిపోయిందా?

(అప్పన్న బదులు చెప్పడు. భుజం మీది సంచి దించి గోడకు ఆనిస్తాడు.)

“అని అడిగింది” పోయి, మాట నేరుగా వచ్చింది. పేరాలోని ప్రతి వాక్యాన్నీ బ్రాకెట్లో పెడితే చాలనుకోవడం పొరపాటు. “కుమిలిపోతూ” ప్రేక్షకుడికి కనిపించదు, దించిన సంచి కనిపిస్తుంది. అప్పన్నకు ఊరు వదలాలని లేదని తెలియాలంటే, దాన్ని తర్వాత ఎవరో ఒకరు పలకాలి.