థీసిస్ టాపిక్ అడిగావు కదా, ఇదిగో

బాబూ, నీ ఉత్తరం చదివాను. "నోఎస్‌క్యూఎల్ వర్సెస్ ఎస్‌క్యూఎల్ పర్ఫార్మెన్స్ కంపారిజన్" అన్నావు, అది మాత్రం వద్దురా. ఇండెక్స్ ఒకటి మారిస్తే, కాష్ కాస్త పెంచితే గెలిచింది ఓడిపోతుంది, అప్పుడు వైవాలో "ఇది డేటాబేస్ గొప్పా, నీ సెట్టింగ్ గొప్పా" అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు.

దాని బదులు ఒక చిన్న ప్రశ్న పట్టుకో. పోస్ట్‌గ్రెస్‌లో 10 లక్షల మంది విద్యార్థుల టేబుల్ ఉందనుకో, 20 జిల్లాలు, 500 మండలాలు, అన్నిట్లో సమానంగా ఉన్నారు, మండలం పేర్లు ఎక్కడా రిపీట్ కావు. ఫలానా జిల్లా, అందులోని ఫలానా మండలం అని రెండు కండిషన్లూ పెట్టి అడిగితే నిజానికి వచ్చేవి 2,000 రోలు, అంటే టేబుల్ వరుసలు. కానీ క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ రెండు కాలమ్‌లకీ సంబంధం లేదనుకుని 1/20ని 1/500తో గుణించేస్తుంది, 100 రోలే వస్తాయంటుంది. మండలం చెప్పాక జిల్లా ఏదో తెలిసిపోయినట్టేగా, ఆ సంగతి దానికి తెలీదు పాపం. 100 అనుకుని, ఒక్కో రోకీ రెండో టేబుల్‌ని వెతికే నెస్టెడ్ లూప్ ఎంచుకుంటే లోపలి టేబుల్‌ని 2,000 సార్లు వెతకాల్సొస్తుంది, జాయిన్‌లు పెరిగేకొద్దీ ఈ తప్పు ఇంకా పెరుగుతూ పోతుంది. `EXPLAIN ANALYZE` కొట్టి చూడు, అంచనా రోలు, అసలు రోలు పక్కపక్కనే కనిపిస్తాయి.

దీనికి మందు పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 10 నుంచే ఉంది, రెండు కాలమ్‌ల మధ్య సంబంధాన్ని లెక్కగట్టమని చెప్పే కమాండ్:

```sql
CREATE STATISTICS jm (dependencies)
  ON jilla, mandal FROM vidyarthulu;
ANALYZE vidyarthulu;
```

ఇప్పుడు అంచనా 2,000 దగ్గరికొస్తుంది. మరి ఇంకేం మిగిలింది అంటావేమో, అక్కడే ఉంది అసలు కథ. ఒక జిల్లా పేరు రాసి పక్కన వేరే జిల్లా మండలం పెట్టి అడుగు, నిజానికి సున్నా రోలు, ఇది మాత్రం 2,000 దగ్గరే చెప్తుంది, ఎందుకంటే నువ్వు ఇచ్చిన రెండు విలువలూ పొసుగుతాయని అది నమ్మేస్తుంది. వెర్షన్ 12లో వచ్చిన `mcv` రకం, అంటే తరచుగా కలిసి వచ్చే విలువల జాబితా దాచుకునేది, దీన్ని చాలావరకు సరిచేస్తుంది. కానీ ఏ రకమైనా ఒక్క టేబుల్ వరకే, సంబంధం రెండు టేబుల్స్ మధ్య ఉంటే ఈ కమాండ్ చేతులెత్తేస్తుంది.

నీ ప్రశ్న ఇదీ: ఈ స్టాటిస్టిక్స్ పెడితే జాయిన్ క్వెరీల్లో అంచనా తప్పు ఎంత తగ్గుతుంది, తగ్గినప్పుడు ప్లాన్ నిజంగా మారుతుందా? డేటాకి టీపీసీ-హెచ్ బెంచ్‌మార్క్ తీసుకోకు, అది తయారుచేసిన డేటా, విలువలు చాలావరకు సమానంగా పంచేసి ఉంటాయి, నీ సమస్య అందులో సరిగా కనపడదు. ఐఎండీబీ సినిమా డేటా మీద కట్టిన జాయిన్ ఆర్డర్ బెంచ్‌మార్క్ తీసుకో, 113 క్వెరీలున్నాయి. కొలత క్యూ-ఎర్రర్, అంటే అంచనా, అసలు రెండిట్లో పెద్దదాన్ని చిన్నదానితో భాగించడమే, పై లెక్కలో 20 అన్నమాట. అంచనా బాగుపడి టైమ్ అంతే ఉండిపోయిన క్వెరీలు వస్తే కంగారుపడి దాచకు, అవి ఎందుకలా వచ్చాయో చెప్పగలిగితే అదే నీ మంచి చాప్టర్.

ముందు ఆ జిల్లా-మండలం టేబుల్ నువ్వే తయారుచేసి, కమాండ్‌కి ముందు, తర్వాత వచ్చిన రెండు ప్లాన్లూ ప్రింట్ తీసుకుని సోమవారం నా రూమ్‌కి రా.