కొత్త కనెక్షన్ కమీషన్ రికవరీ: స్టేటస్ చూసి కాదు, క్రెడిట్ నోట్ చూసి లెక్కకట్టండి

ప్రశ్న: "మాది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ. కొత్త కనెక్షన్ తెచ్చిన సేల్స్ వాళ్లకి 10 శాతం కమీషన్ ఇస్తాం. కస్టమర్ ఆరు నెలల్లోపు మానేస్తే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాం. ప్రతి నెలా ఈ కోత దగ్గరే గొడవ. బిల్లింగ్ డేటాలోంచి దీన్ని సరిగ్గా ఎలా తీయాలి?"

జవాబు:

విజయవాడలో ఒక ఇంటర్నెట్ సంస్థలో చాలా ఏళ్లు బిల్లింగ్ చూశాను. సేల్స్ కుర్రాళ్ల కమీషన్ షీటు కూడా నా దగ్గరే తయారయ్యేది. నేను చూసినంతలో గొడవ శాతం దగ్గర రాదండీ. కస్టమర్ మానేశాడని ఏ రికార్డు చూసి తేలుస్తున్నారు అన్న దగ్గర వస్తుంది.

చాలా చోట్ల జరిగేది ఇదే. నెలాఖరున సిస్టమ్‌లో `INACTIVE` అని ఉన్న కస్టమర్ల లిస్టు దించుతారు, ఆ పేర్ల పక్కన ఏ సేల్స్ కుర్రాడున్నాడో చూసి వాడికిచ్చిన కమీషన్ మొత్తం కోసేస్తారు. కానీ ఆ స్టేటస్ ఈ రోజు పరిస్థితి మాత్రమే చెబుతుంది. రీచార్జ్ నాలుగు రోజులు ఆలస్యం చేసినవాడూ, ఊరెళ్తూ లైను ఆపించుకున్నవాడూ, నిజంగా మానేసినవాడూ అందులో ఒకేలా కనిపిస్తారు. పదో తారీఖుకి రీచార్జ్ చేసిన కస్టమర్ మళ్లీ యాక్టివ్ అవుతాడు, కుర్రాడి కోత మాత్రం అలాగే ఉండిపోతుంది.

అందుకని స్టేటస్ వదిలేసి క్రెడిట్ నోట్లు పట్టుకోండి. ముందుగా డబ్బు కట్టించుకున్న ప్లాన్ మధ్యలో ఆగి, మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తున్నామంటే అకౌంట్స్ వాళ్లు అసలు ఇన్‌వాయిస్ నంబరు మీద క్రెడిట్ నోట్ వేయాలి, లేకపోతే జీఎస్టీ లెక్క కుదరదు. కంపెనీ ఎంత ఆదాయం వదులుకుందో రూపాయలతో సహా చెప్పే కాగితం అదొక్కటే. క్రెడిట్ నోట్ లేదంటే ఆ డబ్బంతా కంపెనీ దగ్గరే ఉంది. అప్పుడు కమీషన్ వెనక్కి అడగడానికి నాకైతే కారణం కనపడదు.

ఒక కేసు పూర్తిగా వేసి చూపిస్తాను. పటమటలో ఒక అద్దె ఫ్లాటు. ఏడాది ప్లాన్ 8,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,512, రౌటర్ డిపాజిట్ 1,500. కస్టమర్ కట్టింది 11,412. కమీషన్ మాత్రం 8,400 మీదే, అంటే 840. జీఎస్టీ ప్రభుత్వానిది, డిపాజిట్ తిరిగి ఇచ్చేది, రెండూ మన ఆదాయం కావు. కొత్తగా చేరిన కుర్రాళ్లు రసీదు మీది మొత్తానికి పది శాతం వేసుకుని 1,141 వస్తుందనుకుంటారు. మొదటి నెలలోనే కూర్చోబెట్టి ఇది చెప్పాలి. ఇంకో మాట, కమీషన్ ఇన్‌వాయిస్ తేదీన కాకుండా డబ్బు జమ అయ్యాకే ఇవ్వండి. అలా చేస్తే చెక్కు బౌన్స్ అయిన కేసులు కమీషన్ షీటులోకే రావు.

సర్వీసు 2025 ఏప్రిల్ 5న మొదలైంది. ఆయనకి హైదరాబాద్ బదిలీ అయింది, జూలై 28న ఫోన్ చేసి లైను తీసేయమన్నారు. ఆగస్టు 4తో నాలుగు నెలలు నిండాయి, ఆ రోజు ఆపాం. మధ్యలో మానేస్తే వాడుకున్న నెలలకి నెలవారీ రేటు పడుతుందని ఫారంలో రాసి ఉంది. ఆ రేటు 800. అంటే కంపెనీ ఉంచుకునేది 3,200, వదులుకునేది 5,200. ఆగస్టు 19న 5,200 మీద జీఎస్టీ 936 కలిపి 6,136కి క్రెడిట్ నోట్ పడింది, డిపాజిట్ 1,500 విడిగా తిరిగి ఇచ్చారు.

ఇప్పుడు కోత ఎంత? షీటులో పెట్టుకోవాల్సిన లెక్క ఇది:

```
recovery = MIN( paid_comm - already_recovered,
                paid_comm * cn_taxable / inv_taxable )
```

ఇచ్చిన 840ని క్రెడిట్ నోట్‌లో జీఎస్టీ కలపని 5,200తో గుణించి, ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ కలపని 8,400తో భాగిస్తే 520. కుర్రాడికి 320 మిగులుతుంది, అది కంపెనీ దగ్గర మిగిలిన 3,200కి సరిగ్గా పది శాతం. మొత్తం 840 కోస్తే, వాడు తెచ్చిన 3,200 కంపెనీ ఉంచుకుని వాడికి మాత్రం పైసా ఇవ్వనట్టు. మిగిలిన నెలల లెక్కన, అంటే పన్నెండింట ఎనిమిది వంతులు కోసినా 560 అవుతుంది. ఆ నలభై తేడా చిన్నదే. కానీ కంపెనీ కస్టమర్ దగ్గర నెలవారీ రేటు వసూలు చేసి, కుర్రాడికి మాత్రం ఏడాది రేటు మీద లెక్క కట్టినట్టవుతుంది. ఫార్ములాలో ముందున్న `MIN` ఎందుకంటే, ఒకే ఇన్‌వాయిస్ మీద రెండు క్రెడిట్ నోట్లు పడ్డప్పుడు, లేదా ఒకటే తప్పుగా రెండుసార్లు షీటులోకి వచ్చినప్పుడు, ఇచ్చినదానికంటే ఎక్కువ కోయకుండా ఆపుతుంది.

`paid_comm` అంటే ఆ రోజు నిజంగా ఇచ్చిన మొత్తమే, ఈ రోజు రేటుతో మళ్లీ వేసింది కాదు. ఏప్రిల్‌లో టార్గెట్ దాటినందుకు వాడికి 12 శాతం ఇచ్చి ఉంటే కోత కూడా 12 మీదే, మామూలు 10 ఇచ్చి ఉంటే 10 మీదే. అందుకే ప్రతి ఇన్‌వాయిస్ పక్కన ఇచ్చిన కమీషన్, ఇచ్చిన నెల, ఇచ్చిన రేటు అప్పుడే రాసి తాళం వేయాలి. ఒక కనెక్షన్ రద్దయింది కాబట్టి ఏప్రిల్ టార్గెట్ కూడా తప్పిందంటూ పాత స్లాబు తిరగదోడడం నాకిష్టం లేదు. అలా మొదలుపెడితే ఏ నెలా ముగియదు.

తేదీల సంగతి. ఆరు నెలల్లోపా కాదా అన్నది కస్టమర్ రద్దు అడిగిన తేదీతో చూడండి, పై కేసులో జూలై 28. కోత ఏ నెల షీటులో వేయాలన్నది క్రెడిట్ నోట్ తేదీతో చూడండి, ఇక్కడ ఆగస్టు. రెండిటికీ క్రెడిట్ నోట్ తేదీయే వాడితే అకౌంట్స్‌లో ఫైలు ఎన్నాళ్లు ఆగిందన్నదాన్ని బట్టి కుర్రాడి డబ్బు మారిపోతుంది. రద్దు అడిగిన తేదీ బిల్లింగ్‌లో ఉండదు, కస్టమర్ కేర్ టికెట్‌లో ఉంటుంది. టికెట్ నంబరు లేకుండా క్రెడిట్ నోట్ పడకూడదని ఒక నియమం పెట్టించుకోండి, ఈ గొడవ పోతుంది.

ఇక అన్నిటికంటే అన్యాయం జరిగేది ప్లాన్ మార్పుల దగ్గర. అదే 8,400 ప్లాన్ కస్టమర్‌ని రెండు నెలలయ్యాక మన కుర్రాడే ఒప్పించి 12,000 ప్లాన్‌కి మార్చాడనుకోండి. చాలా బిల్లింగ్ సిస్టమ్‌లు దీన్ని మార్పుగా రాయవు. మిగిలిన పది నెలలకి 7,000 క్రెడిట్ నోట్ వేసి, 12,000కి కొత్త ఇన్‌వాయిస్ తీస్తాయి. మీ షీటు క్రెడిట్ నోట్ చూసి 700 కోస్తుంది, కొత్త ఇన్‌వాయిస్ పాత కస్టమర్‌ది కాబట్టి దానికి కమీషన్ ఇవ్వదు. కంపెనీకి 5,000 అదనంగా తెచ్చినవాడి జేబులోంచి 700 పోతుంది! ఇలాంటి కోత చూశాక ఏ కుర్రాడైనా పెద్ద ప్లాన్ మాట ఎత్తుతాడా?

దీనికి కోత వేసేముందు ఒక్క పరీక్ష చాలు. క్రెడిట్ నోట్ తేదీకి అటూ ఇటూ పదిహేను రోజుల్లో అదే కస్టమర్ ఐడీ మీద కొత్త ఇన్‌వాయిస్ ఉందా చూడాలి. ఉంటే రెండిటినీ జతకట్టి తేడా మీదే లెక్క. కొత్తది పెద్దదైతే కోత లేదు. అదనపు 5,000కి కమీషన్ ఇవ్వాలా వద్దా అన్నది మీ కంపెనీ పాలసీ, ఇవ్వాలనే నేనంటాను. కొత్తది చిన్నదైతే తగ్గినంత మేరకే కోత.

ఇల్లు మారినప్పుడు కొన్నిసార్లు కస్టమర్ ఐడీ కూడా మారిపోతుంది, అప్పుడు పై పరీక్షకి దొరకదు. ఫోన్ నంబరూ, ఇంట్లో పెట్టిన ఫైబర్ డబ్బా సీరియల్ నంబరూ కలిపి వెతకాలి. ఆ సీరియల్ నంబరే ఇంకో దొంగతనాన్నీ పట్టిస్తుంది. ఆరు నెలలు దాటగానే భర్త పేరున ఉన్న కనెక్షన్ రద్దు చేయించి, అదే ఇంట్లో భార్య పేరున కొత్తది తీయించి మళ్లీ కమీషన్ తీసుకోవడం. పేర్లు వేరు, డబ్బా ఒకటే. అక్కడ కోత కాదు, కొత్త కమీషన్ ఆపాలి.

రద్దు ఎందుకు జరిగిందో కూడా చూడాలండీ. కరెంటు స్తంభం మార్చినప్పుడు ఫైబర్ తెగి, వారం రోజులు ఎవరూ అతికించకపోతే కస్టమర్ విసిగి మానేస్తాడు. అమ్మినవాడి తప్పేముంది? రద్దుకి ముందు నెలలో అదే నంబరు మీద లైను పనిచేయట్లేదన్న టికెట్లు తెరిచి ఉంటే ఆ కోతని పక్కన పెట్టి మేనేజర్‌కి చూపించండి. ఫారంలో చెప్పిన స్పీడు ఒకటి, కుర్రాడు నోటితో చెప్పింది ఇంకొకటి అయిన కేసుల్లో మాత్రం కోత న్యాయమే.

నెలవారీ ప్లాన్‌లకి ఈ తంతు అక్కర్లేదు. మొదటి ఆరు నెలలు కస్టమర్ కట్టిన ప్రతి బిల్లు మీదా ఆ నెల కమీషన్ ఇస్తూ పోండి. మానేస్తే మీరూ ఇవ్వడం మానేస్తారు, వెనక్కి తీసుకునే పని ఉండదు.

వచ్చిన కోతని తర్వాతి నెలల కమీషన్‌లోంచే సర్దండి, జీతం ముట్టుకోవద్దు. ఒక నెల కమీషన్ 2,000 ఉండి కోత 2,600 వస్తే మిగిలిన 600 వచ్చే నెలకి మోయండి. ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల కోసం ప్రతి కమీషన్‌లో కొంత ఆరు నెలలు ఆపి ఇచ్చే పద్ధతి పెట్టుకోవచ్చు, కానీ అది ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉండాలి.

చివరికి కుర్రాడి చేతికి వెళ్లే స్టేట్‌మెంట్. "రికవరీ: 2,600" అని ఒక్క అంకె ఇస్తే ఎవరూ నమ్మరు. ప్రతి కోతకీ ఒక వరుస ఉండాలి: అసలు ఇన్‌వాయిస్ నంబరు, దాని మీద ఏ నెల ఎంత ఇచ్చాం, క్రెడిట్ నోట్ నంబరు, రద్దు టికెట్ నంబరు, కారణం, కోత. పటమట కేసులో ఆ వరుస "ఏప్రిల్‌లో ఇచ్చింది 840, 8,400లో 5,200 వెనక్కి వెళ్లింది, కోత 520, కారణం బదిలీ" అని చదువుకోగలిగేలా ఉండాలి. దీన్ని జీతాలకి వారం ముందే పంపి, అభ్యంతరం ఉంటే మూడు రోజుల్లో చెప్పమనండి. వచ్చే అభ్యంతరాల్లో ప్లాన్ మార్పులూ లైను ఫిర్యాదులే ఎక్కువ ఉంటాయి, వాటిని డబ్బు కోసేముందే సరిచేయొచ్చు.