పొడుగు తొడలవాళ్ల స్క్వాట్ వేరు, ఛాతీ ఎత్తమని అరవకండి

ప్రశ్న: నా కాళ్లూ చేతులూ రెండూ పొడవు. స్క్వాట్‌లో మరీ ముందుకు వంగిపోతున్నాను, బెంచ్ ప్రెస్‌లో బరువు పెరగడం లేదు. ఇది నిజంగా శరీర నిర్మాణం వల్లేనా, లేక నా ఫార్మ్ తప్పా?

నాది ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, అందులో చాలా భాగం కాళ్లే. నాతో పాటే వ్యాయామం మొదలుపెట్టిన స్నేహితుడొకడు ఉన్నాడు. బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటే ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి. లేచి నిలబడితే వాడు నా చెవి దాకా వస్తాడు. అంటే మొండేలు సమానం, తేడా అంతా కాళ్లలోనే. ఈ సంగతి తెలియక నేను ఏడాదిన్నర నా వీపుని తిట్టుకున్నాను.

అప్పటి శిక్షకుడికి రెండే మాటలు వచ్చు. ఒకటి "ఛాతీ పైకెత్తు తమ్ముడూ". రెండోది "మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదు". మా వాడికి ఆ రెండూ సులువుగా కుదిరేవి. వాడు బావిలోకి దిగే చేదలా నిటారుగా కిందికి వెళ్లి నిటారుగా పైకి వచ్చేవాడు. నేను కిందికి దిగుతుంటే ముఖం నేలను చూసేది.

ఒకరోజు బార్ మీద 80 కిలోలు ఉన్నాయి. నా మోకాళ్లు ముందుకు వస్తున్నాయని ఆయన ఒక చెక్క పెట్టె తెచ్చి కాలివేళ్ల ముందు పెట్టాడు, దానికి మోకాలు తగలకూడదన్నాడు. తగులుతుందేమోనన్న భయంతో నేను మోకాళ్లను ఇంకా వెనక్కే ఉంచాను. సగం దిగానో లేదో వెనక నుంచి "ఛాతీ! ఛాతీ!" అని అరుపు. ఛాతీ ఎత్తాను. మడమల మీద బరువు పడింది, కాలివేళ్లు నేల వదిలాయి, మరుక్షణం బార్ దాన్ని ఆపడానికి పక్కన పెట్టే ఇనుప కడ్డీల మీద దబ్బున పడింది, నేను దాని కింద వెల్లకిలా కూర్చుండిపోయాను. దెబ్బ తగల్లేదు. "నీకు నడుము బలం లేదు అన్నా" అన్నాడు అక్కడే చూస్తున్న ఒక కుర్రాడు. మర్నాటి నుంచి వాడు నా మీద జాలిపడటం మొదలుపెట్టాడు, అది పడటం కన్నా ఎక్కువ నొప్పి.

ఆ రాత్రి టేపు తీసుకుని కొలుచుకున్నాను. తుంటి కీలు నుంచి మోకాలి కీలు దాకా నాకు దాదాపు 48 సెంటీమీటర్లు, మా వాడికి 40. తుంటి నుంచి మెడ కింద బార్ ఆనే చోటు దాకా ఇద్దరికీ 48. కాగితం మీద గీతలు గీసి చూశాను. లెక్కంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: బరువు పడిపోకుండా ఉండాలంటే బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి. మిగతావన్నీ దానికి లోబడే సర్దుకుంటాయి.

తొడ నేలకు సమాంతరంగా వచ్చిన క్షణం చూడండి. పాదం మధ్య నుంచి మోకాలు 15 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిందనుకుందాం. మా వాడి తొడ 40 కాబట్టి తుంటి 25 వెనక్కి వెళ్తుంది. నాది 48 కాబట్టి 33 వెనక్కి వెళ్తుంది. అంత వెనక్కి పోయిన తుంటి నుంచి బార్‌ను మళ్లీ పాదం మధ్యకు తేవాలంటే మొండెం వంగక తప్పదు. వాడు నిలువు నుంచి 31 డిగ్రీలు వంగితే సరిపోతుంది, నేను 43 వంగాలి. ఆ 12 డిగ్రీలూ నా బద్ధకం కాదు, ఎముకలు పెట్టిన లెక్క.

ఇంకో సంగతి. తుంటి మోసే భారం బరువుతో పాటు ఆ అడ్డదూరం మీద కూడా ఆధారపడుతుంది. 33 సెంటీమీటర్ల దూరంలో 80 కిలోలు, 25 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 105 కిలోలు తుంటికి ఒకటే. మోకాలి వైపు మాత్రం ఇద్దరిదీ అదే 15. అందుకే స్క్వాట్ చేసిన మర్నాడు వాడు తొడల ముందు భాగం పట్టుకుని మెట్లు దిగేవాడు, నేను పిరుదులూ నడుమూ పట్టుకుని కుర్చీలోంచి లేచేవాణ్ణి. (శరీరం సొంత బరువుని ఈ లెక్కలో కలపలేదు, కలిపినా కథ మారదు.)

ఇప్పుడు ఆ చెక్క పెట్టె పనితనం చూడండి. మోకాలు 15 బదులు 5 సెంటీమీటర్లే ముందుకు వెళ్తే నా తుంటి 43 వెనక్కి పోతుంది. బార్ పాదం మీద ఉండాలంటే 64 డిగ్రీలు వంగాలి. అది స్క్వాట్ కాదు, సాష్టాంగానికి సగం. అలా వంగి ఉన్నవాణ్ణి మా వాడిలా 31 డిగ్రీలకు ఛాతీ ఎత్తమంటే బార్ పాదం మధ్య నుంచి 18 సెంటీమీటర్లు వెనక్కి జారుతుంది. నా పాదం మొత్తం 28. మధ్య నుంచి మడమ దాకా ఉన్నది 14 మాత్రమే. బార్ మడమ దాటి వెనక్కి పోయినప్పుడు పడక ఏం చేస్తాను?

మోకాలు కాలివేళ్లు దాటకూడదనే ఈ మాట ఎవరు పుట్టించారో గాని, పొడుగు కాళ్లవాళ్ల పాలిట శాపం. 2003లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఏడుగురు మగవాళ్ల చేత మామూలుగా ఒకసారి, మోకాళ్ల ముందు చెక్క అడ్డుపెట్టి ఒకసారి స్క్వాట్ చేయించి కీళ్ల మీద పడే టార్క్, అంటే కీలును తిప్పే బలం, లెక్కగట్టారు. అడ్డుపెట్టినప్పుడు మోకాలి మీద టార్క్ ఐదో వంతు కన్నా కొంచెం ఎక్కువ తగ్గింది. తుంటి మీద పది రెట్లకు పైగా పెరిగింది. మోకాలిని కాపాడబోయి నడుముకి పురమాయించడం అంటే ఇదే. మోకాలి నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు, ఆరోగ్యంగా ఉన్న మోకాలికి వేళ్లు దాటడం నేరమేమీ కాదు.

మరి నేనేం మార్చాను? మొదట బూట్లు. పరుగుకి వేసుకునే మెత్తటి బూట్లు పక్కన పడేసి, రెండు సెంటీమీటర్ల గట్టి మడమ ఉన్న వెయిట్‌లిఫ్టింగ్ బూట్లు వేసుకున్నాను. మడమ లేస్తే పిక్క మరో నాలుగైదు డిగ్రీలు ముందుకు వాలుతుంది, మోకాలు ఇంకో మూడు సెంటీమీటర్లు ముందుకు పోతుంది, ఆ మేరకు తుంటి ముందుకు వస్తుంది. కాగితం మీద నా వంపు 43 నుంచి 39కి దిగింది. తర్వాత కాళ్లు ఎడంగా పెట్టి, పాదాలూ మోకాళ్లూ 30 డిగ్రీలు బయటికి తిప్పాను. అప్పుడు పక్క నుంచి చూస్తే 48 సెంటీమీటర్ల తొడ 42 ఉన్నట్టే పనిచేస్తుంది, ఎముక అరగకుండానే పొట్టిదవుతుంది. రెండూ కలిపితే వంపు 33 డిగ్రీలు, మా వాడికి రెండు డిగ్రీల దూరం. వీడియోలో నిజంగా అంత రాలేదు, 36 దగ్గర ఆగింది, అయినా ముఖం నేలను చూడటం మానేసింది. అందరి తుంటి కీలూ అంత ఎడాన్ని ఒప్పుకోదు. లోపల గజ్జల దగ్గర పొడిచినట్టు ఉంటే ఎడం తగ్గించాలి.

పొడుగు కాళ్లవాళ్లకి బార్‌ను వీపు మీద ఇంకాస్త కిందికి ఆనించే లో-బార్ పద్ధతి మంచిదని చాలామంది చెబుతారు. నాకు నచ్చలేదు. బార్ వీపు మీద ఐదు సెంటీమీటర్లు కిందికి దిగితే నా వంపు 50కి పోతుంది. తుంటి దూరం మాత్రం అదే 33.

ఇక్కడ మీకు ఒక చేదు మాట కూడా చెప్పాలి. "నా తొడలు పొడవు" అనేవాళ్లలో సగం మందికి తొడలు కాదు, చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. గోడ ముందు మోకరిల్లి ఒక పాదం ముందుకు పెట్టండి. బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉంచి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించండి. తాకకపోతే ముందు చీలమండ సంగతి చూసుకోండి, తర్వాత ఎముకల్ని అనండి. తాకుతూ ఉండి, పక్క నుంచి తీసిన వీడియోలో బార్ పాదం మధ్య మీదే తిన్నగా దిగి తిన్నగా లేస్తుంటే, మీ వంపు తప్పు కాదు. లేచేటప్పుడు పిరుదులు ముందు లేచి ఛాతీ వెనకబడిపోతే, అడుగున నడుము గుండ్రంగా ముడుచుకుపోతే, అవి తప్పులే. వాటిని పొడుగు కాళ్ల ఖాతాలో రాయకండి.

బెంచ్ విషయానికి వస్తే, చేతులు పొడవైనప్పుడు బార్ ఎక్కువ దూరం తిరగాలి. ఛాతీ నుంచి చేతులు పూర్తిగా చాచే దాకా నాకు 46 సెంటీమీటర్లు, మా వాడికి 35. వాడి ఛాతీ మందం కూడా కలిసొచ్చింది. అంటే ప్రతి రెప్‌లో అదే బరువుని నేను మూడో వంతుకు దగ్గరగా ఎక్కువ దూరం నెట్టాలి. కానీ నన్ను ఆపింది దూరం కాదు, అడుగు. బార్ ఛాతీకి తాకేసరికి వాడి మోచేతులు బెంచీ ఎత్తులో ఉంటే, నావి బాగా కిందికి దిగిపోయి భుజం ముందు భాగం సాగి ఉండేది. ఆ లోతు నుంచి మొదటి నాలుగు వేళ్ల ఎత్తే నాకు గండం.

గ్రిప్ ఎడం చేస్తే అంతా సర్దుకుంటుందని చెబుతారు. నేను చూపుడువేళ్ల మధ్య 68 నుంచి, పోటీల్లో అనుమతించే గరిష్ఠ దూరం 81కి వెళ్లాను. బార్ మీద గీతలు ఉండేది అక్కడే. దూరం తగ్గింది రెండంటే రెండే సెంటీమీటర్లు. నెల తిరిగేసరికి భుజం ముందు భాగం సలపడం మొదలైంది. చివరికి ఉంగరపు వేలు ఆ గీత మీద ఉండేలా సర్దుకున్నాను. కింద ఉన్నప్పుడు ముంజేతులు నిలువుగా ఉంటున్నాయా అన్నదే నాకు కొలత. నిజంగా పనికొచ్చింది భుజపుటెముకల్ని వెనక్కి లాగి ఛాతీని ఎత్తి పట్టడం. దానితో మరో మూడు సెంటీమీటర్లు తగ్గింది, మోచేయి లోతు కూడా తగ్గింది. ఆపైన తక్కువ బరువుతో ఛాతీ మీద రెండు సెకన్లు ఆపి నెట్టడం సాధన చేశాను, ఎందుకంటే నా బలహీనత ఉన్నది అక్కడే. నెట్టగలిగే బరువు పెరగడానికి ఏడు నెలలు పట్టింది, అదీ 10 కిలోలే.

మీరు అడగలేదు గాని డెడ్‌లిఫ్ట్ ఇంకా మొదలుపెట్టకపోతే పెట్టండి. అక్కడ పెద్ద ప్లేట్లు ఎక్కిస్తే బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఎవరికైనా అంతే. పొడుగు చేతులవాడు దాన్ని అందుకోవడానికి తక్కువ వంగితే చాలు, పైన నిలబడ్డప్పుడు బార్ తొడ మీద ఇంకా కిందే ఆగుతుంది. 1980లలో సొంత బరువుకి ఐదు రెట్లు ఎత్తిన అమెరికన్ పవర్‌లిఫ్టర్ లామర్ గాంట్‌వి పొడవైన చేతులు, పక్కకు వంగిన వెన్నెముక వల్ల పొట్టిదైన మొండెం. మా వాడు మొదటిసారి నాతో డెడ్‌లిఫ్ట్ చేసిన రోజు 120 దగ్గర ఆగిపోయి, నేను అదే బార్‌ని ఐదుసార్లు ఎత్తుతుంటే చేతులు నడుము మీద పెట్టుకుని చూశాడు. "రేయ్, నువ్వు వంగనే వంగలేదు, ఇది మోసం" అన్నాడు.