లైకులు మూడు వందలు దాటాయి, ఆర్డర్ల లెక్క ఏది?

ప్రశ్న: సార్, నేను నెల్లూరులో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేయించి అమ్ముతారు. ఆ ఇన్‌స్టాగ్రామ్ పేజీకి క్యాప్షన్లు నేనే రాస్తున్నాను. సంక్రాంతి శుభాకాంక్షల పోస్టు 2,400 మందికి చేరింది. దానికి 312 లైకులు, 4 సేవ్‌లు, 6 షేర్లు వచ్చాయి. చెక్క గరిటెను ఎలా కడిగి దాచుకోవాలో రాసిన పోస్టు 900 మందికే చేరింది. దానికి 45 లైకులు, 36 సేవ్‌లు, 27 షేర్లు. డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి మొదటి పోస్టు చూపిస్తే, ‘దీనివల్ల వ్యాపారానికి ఏం వచ్చింది?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఇకపై ఏం చూపించాలి?

జవాబు: రెండో పోస్టును చూపించండి. ఎందుకో తెలియాలంటే రెండింటినీ ఒకే కొలతకు తేవాలి. ఒకటి 2,400 మందికి, మరొకటి 900 మందికి చేరినప్పుడు అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టడం కుదరదు. చేరిన ప్రతి వెయ్యి మందికి ఎన్ని వచ్చాయో లెక్క వేయండి. సంక్రాంతి పోస్టుకు వెయ్యికి 130 లైకులు వచ్చాయి కానీ సేవ్‌లు రెండు కూడా లేవు, షేర్లు రెండున్నర. గరిటె పోస్టుకు వెయ్యికి 50 లైకులే, కానీ 40 సేవ్‌లు, 30 షేర్లు. అంటే చూసినవాళ్లలో దాచుకున్నవారు ఇరవై రెట్లకు పైగా, ఇతరులకు పంపినవారు పన్నెండు రెట్లు ఎక్కువ. మీకు చిన్నదిగా కనిపించిన పోస్టే అసలు పని చేసింది.

పండుగ పోస్టుకు లైకు కొట్టడమంటే తిరిగి శుభాకాంక్షలు చెప్పడమే. బంధువులు, స్నేహితులు, కాలేజీవాళ్లు కొడతారు. క్యాప్షన్ చదవకుండా ఫొటో చూసే కొడతారు. సేవ్ చేసే మనిషి ఉద్దేశం వేరు. ‘ఇది మళ్లీ అవసరమవుతుంది’ అనుకుంటేనే ఆ గుర్తు నొక్కుతారు. షేర్ చేసే మనిషికి ఎవరో ఒకరు గుర్తుకు రావాలి: కొత్తగా నాన్‌స్టిక్ పెనం కొన్న చెల్లెలో, గృహప్రవేశానికి బహుమతి వెతుకుతున్న స్నేహితురాలో. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఇప్పటికే అనుసరిస్తున్నవారికి పోస్టు చేరడంలో లైకుల బరువు కాస్త ఎక్కువనీ, కొత్తవారికి చేరడంలో ఒకరికొకరు పంపుకోవడానికి బరువు ఎక్కువనీ ఆయన వివరించారు. ఉదయగిరి గరిటె హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న కొత్త ఇంటికి చేరాలంటే మీకు కావలసింది ఆ రెండోదే. కాబట్టి లైకులను పారేయనక్కర్లేదు, వాటినే మార్కులుగా లెక్కించవద్దు.

అయితే సేవ్‌లు కూడా మోసం చేస్తాయి. చెక్క గరిటె ఫొటో కింద నెల్లూరు చేపల పులుసు తయారీ రాశారనుకోండి. సేవ్‌లు బాగా వస్తాయి, కానీ దాచుకున్నది పులుసు కోసం, గరిటె కోసం కాదు. పైగా మన ప్రాంతపు పాఠకులు ఊరుకోరు. చేపల పులుసులో ముక్కలు వేశాక గరిటె పెట్టరు, గిన్నెను పట్టి కుదుపుతారు. సేవ్ అయిన విషయానికీ అమ్మే వస్తువుకూ ముడి ఉందా అన్నది ప్రతిసారీ చూడాలి. మీ గరిటె పోస్టులో ఆ ముడి ఉంది. కడిగే విధానం దాచుకునేది గరిటె ఉన్నవాళ్లో, కొనాలనుకునేవాళ్లో.

ఇక ఎంక్వైరీలు. మీ లేఖలో ఈ అంకె లేదు. ఇంటర్వ్యూలో మీరు ఆగిపోయింది కూడా ఇక్కడే. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. అందువల్ల ఏ పోస్టు చూసి ఎవరు అడిగారో దానంతట అది తెలియదు, మీరే తెలిసేలా చేయాలి. సులువైన పద్ధతి ఒకటుంది. ప్రతి క్యాప్షన్ చివర వేరే మాట పెట్టండి. ఒక పోస్టుకు ‘గరిటె అని మెసేజ్ పంపండి’, మరో పోస్టుకు ‘సెట్టు అని పంపండి’. వచ్చిన మాటను బట్టి అది ఏ క్యాప్షన్ చూసి వచ్చిందో తెలిసిపోతుంది. మామయ్య ఫోనులో వాట్సాప్ బిజినెస్ ఉంటే లేబుళ్లు పెట్టి, కొత్తగా అడిగినవారిని, డబ్బు కట్టాల్సినవారిని, కట్టినవారిని విడదీయండి. ఒక ఎక్సెల్ పట్టికలో తేదీ, ఏ పోస్టు, ఏమి అడిగారు, చివరికి ఏమైంది అని నాలుగు గడులు చాలు.

మూడో గడిని శ్రద్ధగా చదవండి, ఎందుకంటే ఎంక్వైరీల సంఖ్యను కూడా కృత్రిమంగా పెంచవచ్చు. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని రాస్తే మెసేజ్‌లు కుప్పలుగా వస్తాయి. ఉదాహరణకు 20 మంది అడిగి ఇద్దరు కొన్నారనుకుందాం. మరోసారి ధర, కొరియర్ ఖర్చు, ఎన్ని రోజుల్లో అందుతుందో క్యాప్షన్‌లోనే రాస్తే 8 మందే అడిగి నలుగురు కొన్నారనుకుందాం. ఎంక్వైరీలు సగానికి పైగా తగ్గాయి, అయినా రెండో క్యాప్షనే మేలు. మామయ్య సమయం కూడా మిగిలింది. ‘ధర ఎంత?’ అన్న ప్రశ్న పదే పదే వస్తోందంటే అది ఆసక్తికి గుర్తు అనుకునే ముందు, క్యాప్షన్‌లో ఏదో చెప్పడం మరిచిపోయానేమో చూసుకోవాలి. ‘మా ఊరికి పంపుతారా?’, ‘ఆరు ఒకే సైజులో దొరుకుతాయా?’ లాంటి ప్రశ్నలే కొనేవాళ్లవి.

మీ రెండు పోస్టుల్లో విషయమూ వేరు, ఫొటో కూడా వేరే కదా. కాబట్టి ఫలితమంతా క్యాప్షన్‌దే అని ఇంటర్వ్యూలో అనవద్దు, అడిగేవారు వెంటనే పట్టుకుంటారు. క్యాప్షన్‌ను విడిగా పరీక్షించాలంటే అదే గరిటెను, దాదాపు అలాంటి ఫొటోతో, కొన్ని వారాల తేడాతో, వారంలో అదే రోజున అదే వేళకు రెండుసార్లు పెట్టి మొదటి వాక్యం మాత్రమే మార్చండి. ఫీడ్‌లో పొడవైన క్యాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసల దగ్గరే తెగిపోతుంది, మిగతాది నొక్కితేనే కనిపిస్తుంది. కనుక తేడా తెచ్చేది ఆ మొదటి వాక్యమే. ఒకసారి ‘ఉదయగిరి చెక్క గరిటెల అందం చూడండి’ అని మొదలుపెట్టండి. మరోసారి ‘చెక్క గరిటెను రాత్రంతా నీళ్లలో వదిలేస్తున్నారా? పగుళ్లు అక్కడే మొదలవుతాయి’ అని. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, అలా పగులుతుంది. రెండు క్యాప్షన్లలోనూ ఈ కారణాన్ని ఆ తర్వాత ఒకేలా చెప్పి, కడిగిన వెంటనే తుడిచి నీడలో ఆరబెట్టమని, అప్పుడప్పుడు కొద్దిగా కొబ్బరినూనె రాయమని ముగించండి. సరిగ్గా ఏడో రోజున రెండింటి అంకెలూ రాసుకోండి. సేవ్‌లు వారాల తరబడి పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని మూడో రోజున, మరొకదాన్ని నెల తర్వాత చూస్తే పోలిక చెల్లదు. ఒక్క జతతో తేల్చేయవద్దు. ఇంత చిన్న పేజీలో ఇద్దరు ముగ్గురు బంధువులు సేవ్ చేసినా అంకె కదులుతుంది. నాలుగైదు జతల్లో ఒకే తీరు కనిపిస్తేనే నమ్మండి.

ఈ అంకెలన్నీ దొరకాలంటే పేజీ ప్రొఫెషనల్ ఖాతాగా ఉండాలి, మార్చడానికి డబ్బు అక్కర్లేదు. ఇంకో లోటు కూడా తెలుసుకోండి. పోస్టును స్క్రీన్‌షాట్ తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టినవారు షేర్ల లెక్కలోకి రారు. మన ఇళ్లలో అలా పంపేవాళ్లు చాలామంది. అందుకే కొన్నవారిని ‘ఎక్కడ చూశారు?’ అని మామయ్యను అడగమనండి, ఆ జవాబు కూడా పట్టికలో రాయండి.

తదుపరి ఇంటర్వ్యూకు ఒక్క కాగితం తీసుకెళ్లండి. దానిమీద రెండు క్యాప్షన్ల మొదటి వాక్యాలు, వెయ్యి మందికి సేవ్‌లు, షేర్లు, వచ్చిన ఎంక్వైరీలు, వాటిలో ఆర్డర్లు, మీరు తర్వాత మార్చిన ఒక విషయం ఉంటే చాలు. కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు కనిపించకుండా చూసుకోండి. అమ్మకాల అంకెలు బయట చూపడానికి మామయ్య అనుమతి ముందే తీసుకోండి. ఆర్డర్లు తక్కువగా ఉన్నా అంకె మార్చవద్దు. ‘ఎనిమిది మంది అడిగారు, నలుగురు కొన్నారు, మిగతా నలుగురు కొరియర్ ఖర్చు ఎక్కువని ఆగారు’ అని మీరు చెప్పగలిగితే, కూర్చున్నవారు తర్వాతి ప్రశ్న కొరియర్ గురించే అడుగుతారు. దానికి జవాబు మామయ్యతో కూర్చుని ముందే ఆలోచించి వెళ్లండి.