రివ్యూ తీసేస్తే కొంత డబ్బు ఇస్తామంటే ఏం చేయాలి?

"ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు బాగోలేదని 1 స్టార్ ఇచ్చాను. రివ్యూ డిలీట్ చేస్తే కొంత డబ్బు వెనక్కి ఇస్తానని సెల్లర్ వాట్సాప్‌లో అడుగుతున్నాడు. ఒప్పుకోవచ్చా?"

ఒప్పుకోకండి. ముందు మీ రిటర్న్ గడువు ఎప్పటితో ముగుస్తుందో చూసుకోండి. నేను దాదాపు మోసపోయింది అక్కడే.

నేను 1,349 రూపాయలకు ఎలక్ట్రిక్ కెటిల్ కొన్నాను. నాలుగో రోజే అడుగు నుంచి నీళ్లు కారడం మొదలైంది. కరెంటు వస్తువు కదా, భయమేసి ఫొటోతో సహా రివ్యూ పెట్టాను. మర్నాడే సెల్లర్ మెసేజ్: "మేడమ్, రివ్యూ తీసేయండి, 500 పంపిస్తాం, కెటిల్ మీరే ఉంచుకోండి." కారుతున్న కెటిల్ ఉంచుకుని నేనేం చేసుకోను? పూర్తి డబ్బు ఇమ్మంటే, "మా మేనేజర్‌తో మాట్లాడి రెండు రోజుల్లో చెప్తాం" అన్నాడు. నా రిటర్న్ గడువు ఏడు రోజులే. అతను చెప్పిన రెండు రోజులూ ఆగితే అది కాస్తా అయిపోయేది. ఆ రాత్రే యాప్‌లో ఆర్డర్ పేజీకి వెళ్లి, "పాడైన వస్తువు" అన్న కారణంతో రిటర్న్ పెట్టాను. కెటిల్ తీసుకెళ్లారు, డబ్బు మొత్తం తిరిగి వచ్చింది. రివ్యూ అలాగే ఉంది.

మా ఆఫీసులో ఒకావిడ ముందే డిలీట్ చేసేసింది. డబ్బు రాలేదు, ఆ నంబరూ ఆమెను బ్లాక్ చేసింది. మాట యాప్ బయట జరిగింది కాబట్టి యాప్ వాళ్లకు చూపించడానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు.

పాడైన వస్తువుకు డబ్బు తిరిగివ్వడం సెల్లర్ చేసే సాయం కాదండీ. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని సెల్లర్ అనకూడదు. దానికి రివ్యూతో ముడిపెట్టనివ్వకండి.

అతనికి ఒకే మాట రాయండి: "రీఫండ్ విషయం యాప్‌లోనే మాట్లాడదాం." చాట్ స్క్రీన్‌షాట్లు తీసి, యాప్ కస్టమర్ కేర్‌కు సెల్లర్ మీద ఫిర్యాదు పెట్టండి. డబ్బు పంపడానికంటూ క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయకండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు.

యాప్ వాళ్లు పట్టించుకోకపోతే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

సెల్లర్ నిజంగానే మంచి వస్తువు మార్చి ఇస్తే రివ్యూ తీసేయకుండా, కింద "ఫలానా రోజు మార్చి ఇచ్చారు, ఇప్పుడు బాగుంది" అని కలపండి. మొదట వచ్చిన వస్తువు ఎలా ఉందో కూడా తర్వాత కొనేవాళ్లకు తెలియాలి కదా.