పాల లెక్క రాసే గడిలోనే ఒక్క మాట

ప్రశ్న: రాత్రి పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాసుకోమన్నారు. నాలుగు రోజులకే మొక్కుబడి అయిపోయింది. బలవంతంగా అనిపించకుండా చేసే దారి ఉందా?

ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అనే రాసి ఉంటారు. అవి నిన్నా ఉన్నాయి, రేపూ ఉంటాయి. మళ్లీ మళ్లీ అవే రాస్తే విసుగు రాక ఏమవుతుంది? ఈ పద్ధతి మీద అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో వాళ్లు వారం పాటు రాయించింది ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, వాటితోపాటు ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో కూడా. అసలు పస ఆ ‘ఎందుకు’లోనే ఉంది. నేను చూసిన యాప్‌లు దాన్నే ఎగరగొట్టేశాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ టింగుమని ‘ఈరోజు దేనికి కృతజ్ఞతలు?’ అని అడిగితే నాకు కరెంటు బిల్లు గుర్తొస్తుంది.

నేను పాల లెక్క రాసే గోడ క్యాలెండర్‌లోనే రాస్తాను. పొద్దున్నే ‘అర లీటరు’ అని వేసేటప్పుడు, దాని కింద నిన్నటి సంగతి ఒక్కటి. గడిలో నాలుగైదు మాటలకు మించి పట్టవు కాబట్టి గొప్పలకు చోటుండదు.

మా వీధికి మునిసిపాలిటీ నీళ్లు తెల్లవారుజామున వస్తాయి. సంపు చిన్నది. ఆ వేళకు లేచి మోటారు వేయకపోతే సంపు పొర్లిపోతుంది, రోజంతా బిందెలతో మోసుకోవాలి. పోయిన వేసవిలో ఓసారి రాత్రి బండికి ఊరి నుంచి వచ్చి బాగా పొద్దెక్కాక లేచాను. కంగారుగా కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. మర్నాడు ‘ట్యాంకు నిండి ఉంది’ అని రాసి, ఎందుకు నిండిందో తెలియక ఆగిపోయాను. ఓనరు గారు ఊళ్లో లేరు. ఆరా తీస్తే పై వాటాలో ఉండే కుర్రాడు చెప్పాడు: “డ్యూటీ నుంచి వచ్చేసరికి సంపు పొర్లుతోందండీ. మిమ్మల్ని లేపడం ఎందుకని నేనే మోటారు వేసి, నిండాక ఆపి పడుకున్నా.” అప్పటిదాకా ఆ అబ్బాయంటే నాకు మెట్ల మీద బూట్ల చప్పుడే.

ఒకే మాట రెండు గళ్లలో కనబడిందంటే మొక్కుబడి మొదలైనట్టే. అప్పుడు ఇంకా చిన్నదాన్ని వెతకండి. ఏమీ తట్టని రోజు గడి ఖాళీగా వదిలేయండి, కొంపలేం మునిగిపోవు. కొందరు పెద్దవాళ్లు ‘నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి తృప్తి పడు’ అంటారు. ఆ సలహా నాకు అస్సలు నచ్చదు. అవతలివాళ్ల కష్టం మన తృప్తికి పనికిరావడమేంటి? అద్దె పెంచిన నెలలో ‘నెత్తిన నీడ ఉంది కదా’ అని నేను రాసుకోలేదు, వెళ్లి ఓనరుతో బేరమాడాను.

క్యాలెండర్ కొనేటప్పుడు మాత్రం గళ్లు చూసి కొనండి. ఈమధ్య తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ కుక్కేసి పాల లెక్కకు కూడా జాగా ఉంచడం లేదు.